తాడిపత్రి బండల యూనిట్ అప్పు మీద ఐదేళ్ళ టర్మ్ కవర్: ప్యూర్ ప్రీమియం ఎట్లా తేలుతుంది

అనంతపురం జిల్లా తాడిపత్రి చుట్టుపక్కల నల్లబండలు, గ్రానైట్ కోసి పాలిష్ పట్టే చిన్న యూనిట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక యూనిట్ యజమానిది ఈ కేసు. వయసు 40. కటింగ్ మిషన్ కోసం 10 లక్షల అప్పు తీసుకున్నాడు, గడువు ఐదేళ్ళు. ఈ ఐదేళ్ళలో తనకేమైనా అయితే అప్పు భార్య నెత్తిన పడకూడదని టర్మ్ పాలసీ అడిగాడు. ఒక కోట్ ఒక ధర చెప్పింది, ఇంకోటి ఇంకో ధర చెప్పింది. అసలు ఈ రిస్క్ ఖరీదెంత అన్నదే ప్రశ్న. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. అంకెలను చేతిలెక్కకు వీలుగా గుండ్రం చేశాం.

ప్యూర్ ప్రీమియం అంటే ఆఫీసు ఖర్చు, కమీషన్, కంపెనీ లాభం ఏదీ కలపకుండా, వచ్చే క్లెయిములకు మాత్రమే సరిపోయే ధర. ఒక్కో ఏడాదిలో క్లెయిమ్ పడే అవకాశం ఎంతో చూసి, పడితే కట్టాల్సిన మొత్తంతో దాన్ని గుణించి, ఆ డబ్బు ఈరోజు ఎంతకు సమానమో తేల్చి, అన్ని ఏళ్ళవీ కూడాలి. మరణ ప్రయోజనానికి అంచనా ప్రస్తుత విలువ అనేది ఇదే. సూత్రంగా రాస్తే ఇట్లా ఉంటుంది:

```
A = Σ S(t) × p(t-1) × q(t) × v^t      t = 1..5,  v = 1/1.06
```

ఇందులో S(t) ఆ ఏడాది బీమా మొత్తం. p(t-1) ఆ ఏడాది మొదటిరోజుకు మనిషి బతికి ఉండే సంభావ్యత. q(t) ఆ ఏడాదిలో పోయే రేటు. v అంటే ఏడాది తర్వాత వచ్చే రూపాయికి ఈరోజు విలువ. వడ్డీ 6 శాతం అనుకుంటే అది 94 పైసల పైచిలుకు.

మరణ రేట్లను మన దేశంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా ప్రచురించిన ఇండియన్ అష్యూర్డ్ లైవ్స్ మోర్టాలిటీ 2012-14 పట్టికతో పోల్చి మాట్లాడతారు. కంపెనీలు దాన్ని ఉన్నదున్నట్టు వాడవు. తమ అనుభవం చూసుకుని అందులో ఇంత శాతం అని తీసుకుంటాయి. ఇక్కడ లెక్క కోసం పెట్టుకున్న రేట్లు 40 నుంచి 44 వరకు వరుసగా వెయ్యికి 1.7, 1.8, 2.0, 2.1, 2.3.

మొదటి లెక్క: ఐదేళ్ళూ 10 లక్షలే

ఒక్క మనిషికి సంభావ్యతలు గుణిస్తూ పోతే ఎక్కడ తప్పామో కనబడదు. అందుకే ఇదే వయసువాళ్ళు లక్షమంది ఒకేరోజు పాలసీ తీసుకున్నట్టు పట్టిక కట్టడం మేలు. మనుషుల లెక్క కాబట్టి తప్పు ఉంటే కంటికే తెలుస్తుంది.

| ఏడాది | మొదట్లో ఉన్నవాళ్ళు | ఆ ఏడాది మరణాలు | డిస్కౌంట్ గుణకం | రెండిటి గుణకారం |
|---|---|---|---|---|
| 1 | 1,00,000 | 170.0 | 0.9434 | 160.4 |
| 2 | 99,830 | 179.7 | 0.8900 | 159.9 |
| 3 | 99,650 | 199.3 | 0.8396 | 167.3 |
| 4 | 99,451 | 208.8 | 0.7921 | 165.4 |
| 5 | 99,242 | 228.3 | 0.7473 | 170.6 |

చివరి కాలమ్ మొత్తం 823.6. లక్షమందితో భాగించి 10 లక్షలతో గుణిస్తే మనిషికి 8,236 రూపాయలు. ఐదేళ్ళ కవర్‌కు ఈరోజు ఒకేసారి కట్టాల్సిన ప్యూర్ ప్రీమియం అది.

మరణాల సంఖ్య ఏటా పెరుగుతున్నా చివరి కాలమ్ దాదాపు ఒకే చోట ఉండటం గమనించండి. 40ల్లో మరణ రేటు ఏటా ఐదు నుంచి పదకొండు శాతం దాకా పెరుగుతోంది. వడ్డీ దానిలో పెద్దభాగాన్ని తినేస్తోంది. కాబట్టి పట్టికలో చివరి ఏడాది అంకె మొదటి ఏడాది కంటే మూడో వంతు ఎక్కువ వచ్చిందంటే, చాలాసార్లు డిస్కౌంట్ కాలమ్ గుణించడం మరిచిపోయారని అర్థం.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఐదు రేట్లనూ నేరుగా కూడి (0.0099) 10 లక్షలతో గుణించి 9,900 అంటారు. అందులో రెండు లోపాలున్నాయి. రెండో ఏడాది రేటు మొదటి ఏడాది బతికినవాళ్ళకే వర్తిస్తుంది. లక్షమందికీ వర్తించదు. ఇది సరిదిద్దితే 9,861 వస్తుంది. తేడా 39 రూపాయలే. రెండోది వడ్డీ. దాన్ని లెక్కలోకి తెస్తే 9,861 కాస్తా 8,236 అవుతుంది. ఐదేళ్ళ పాలసీలో మొదటి లోపం చిన్నది కాబట్టి చాలామంది పట్టించుకోరు. అదే షీటును ముప్పై ఏళ్ళ పాలసీకి లాగి వాడితే 60 దాటిన వయసుల్లో ఆ తేడా ముదురుతుంది. షీటు మొదటినుంచే సరిగ్గా కట్టుకోవడం మంచిది.

కంప్యూటర్‌లో వేసేవాళ్ళకు: రెండో వరుస నుంచి ఆరో వరుస వరకు B రేట్లు, C ఉన్నవాళ్ళు, D మరణాలు, E డిస్కౌంట్, F బీమా మొత్తం. అప్పుడు:

```
D2: =B2*C2
C3: =C2-D2
E2: =1.06^-(ROW()-1)
ఒకేసారి ప్రీమియం: =SUMPRODUCT(D2:D6,E2:E6,F2:F6)/C2
```

పై లెక్కలో ఆ ఏడాది పోయినవాళ్ళందరి క్లెయిమూ ఏడాది చివర్లో కడతామని అనుకున్నాం. నిజానికి నామినీ కాగితాలు ఇవ్వగానే డబ్బు కట్టాలి. మరణాలు ఏడాది పొడవునా పరుచుకుని ఉంటాయి కాబట్టి సగటున ఆరు నెలల ముందే డబ్బు బయటికి పోతుంది. దీనికి మొత్తాన్ని 1.06 వర్గమూలంతో, అంటే 1.0296తో గుణిస్తే చాలు. 8,236 కాస్తా 8,480 అవుతుంది. మూడు శాతం తేడా అంటే తీసిపారేసేది కాదు. కింద మిగతా లెక్కలన్నీ ఏడాది చివర పద్ధతిలోనే చూపిస్తున్నాం, చేత్తో సరిచూసుకోవడానికి అదే సులువు. అసలు ధర కావాలంటే ఆఖర్న ఈ గుణకం వేసుకోండి.

ఏటేటా కట్టేదెంత

8,236ను ఐదుతో భాగించి ఏటా 1,647 అని చెప్పేవాళ్ళు ఉన్నారు. అది చాలదు. కారణాలు రెండు. ఆలస్యంగా వచ్చే ప్రీమియం మీద కంపెనీకి అంత వడ్డీ రాదు. పైగా మధ్యలో పోయినవాళ్ళు తర్వాతి ప్రీమియంలు కట్టరు. భాగించాల్సింది ఐదుతో కాదు, ఏడాదికో రూపాయి చొప్పున బతికున్నంత కాలం కట్టే ప్రీమియంల ప్రస్తుత విలువతో. ప్రీమియం ఏడాది మొదట్లో కడతారు కాబట్టి మొదటి రూపాయి పూర్తిగా 1. రెండోది 0.9983 × 0.9434, అంటే 0.9418. మూడోది 0.8869, నాలుగోది 0.8350, ఐదోది 0.7861. మొత్తం 4.4498.

8,236.34ను 4.4498తో భాగిస్తే ఏటా 1,851 రూపాయలు. ఐదుతో భాగించినవాళ్ళకు ఏటా 204 రూపాయలు తక్కువ పడుతుంది. షీటులో ఈ భాజకం ఇట్లా వస్తుంది:

```
=SUMPRODUCT(C2:C6,E2:E6)*1.06/C2
```

చివర 1.06 ఎందుకంటే E కాలమ్ ఏడాది చివరికి డిస్కౌంట్ చేసింది, ప్రీమియం మాత్రం ఏడాది మొదట్లో వస్తుంది. ఈ 1.06 మరిచిపోతే భాజకం 4.20కి పడిపోయి, ప్రీమియం ఆరు శాతం ఎక్కువ వస్తుంది.

సరిపోతుందా లేదా: పెట్టె లెక్క

సూత్రం మీద నమ్మకం లేనివాళ్ళకు దీన్ని మించిన రుజువు లేదు. లక్షమంది దగ్గర 1,850.96 చొప్పున వసూలు చేసి ఒక పెట్టెలో వేశామనుకోండి. మొదటి ఏడాది 18.51 కోట్లు. వడ్డీతో 19.62 కోట్లు. 170 మందికి 10 లక్షల చొప్పున 17 కోట్లు కట్టాక మిగిలేది 2.62 కోట్లు. రెండో ఏడాది 99,830 మంది కడతారు. క్లెయిములు పోగా పెట్టెలో 4.39 కోట్లు. మూడో ఏడాది చివర 4.28 కోట్లు. నాలుగో ఏడాది చివర 3.16 కోట్లు. ఐదో ఏడాది ప్రీమియం 18.37 కోట్లు కలిపి, వడ్డీ వేసి, 22.83 కోట్ల క్లెయిములు కడితే పెట్టె ఖాళీ. పైసలు గుండ్రం చేసినందువల్ల రెండు మూడు వేలు అటూఇటూ కనబడవచ్చు. అంతకు మించి మిగిలినా, తగ్గినా ఎక్కడో గుణకం తప్పింది.

మధ్యలో పెట్టెలో ఉన్న డబ్బే రిజర్వ్. మూడో ఏడాది చివర అది బతికున్న మనిషికి సుమారు 430 రూపాయలు. మొదటి ఏళ్ళలో రిస్క్ కంటే కొంచెం ఎక్కువ వసూలు చేసి, దాన్ని చివరి ఏళ్ళకు దాచిపెట్టడం వల్ల వచ్చిందది. "ఐదేళ్ళు కట్టి బతికుంటే పైసా రాదు కదన్నా" అని తరచూ అడుగుతారు. రాదు. ఎందుకంటే పెట్టెలో మిగలలేదు. బతికున్న 99 వేలమంది కట్టినదంతా పోయిన 986 మంది ఇళ్ళకు చేరింది. తిరిగి రావాలంటే పెట్టెలోకి మొదటే అదనంగా వేయాలి, అది వేరే పాలసీ, వేరే ధర.

అసలు కావాల్సిన కవర్: తగ్గుతూ పోయేది

ఇంతవరకు 10 లక్షల స్థిర కవర్. కానీ యజమాని అవసరం అది కాదు. అప్పు ఏటేటా తగ్గుతుంది. నాలుగో ఏట 4 లక్షలు బాకీ ఉన్నప్పుడు 10 లక్షల కవర్‌కు ధర కట్టడం దేనికి? అప్పు తీరే లెక్కనే కవర్‌ కూడా తగ్గించమని అడిగాడు. ఏటా అసలు రెండేసి లక్షలు తగ్గుతుందనుకుని, బీమా మొత్తం 10, 8, 6, 4, 2 లక్షలుగా పెట్టాం.

పట్టిక మార్చక్కరలేదు, F కాలమ్ మారితే చాలు. మనిషికి వరుసగా 1,604, 1,279, 1,004, 662, 341 రూపాయలు. కూడితే 4,890. స్థిర కవర్ ధరలో అరవై శాతం. ఏటా కట్టేది 4,890ను 4.4498తో భాగిస్తే 1,099.

ఇక్కడితో ఆపితే చూడటానికి బాగానే ఉంటుంది. సూత్రం ప్రకారం 1,099 సరైన ధరే. పెట్టె లెక్క వేసి చూడండి, చిక్కు బయటపడుతుంది. మొదటి ఏడాది ఒక్కొక్కరి 1,099 వడ్డీతో 1,165 అవుతుంది. ఆ ఏడాది రిస్క్ ఖరీదు 0.0017 × 10 లక్షలు, అంటే 1,700. మనిషికి 535 రూపాయలు తక్కువ. లక్షమందికి పెట్టెలో 5.35 కోట్ల అప్పు. రెండో ఏడాది చివర లోటు 8.42 కోట్లు, మూడో ఏడాది చివర 9.27 కోట్లు. నాలుగో ఏడాది చివర 6.60 కోట్లకు దిగి, ఐదో ఏడాది చివర సున్నాకు వస్తుంది. అందరూ చివరిదాకా కడితే కంపెనీకి నష్టం లేదు, మొదట్లో అప్పిచ్చి తర్వాత వసూలు చేసుకున్నట్టు.

కానీ అందరూ కట్టరు. మూడో ఏడాది ముగిశాక మన యజమాని వయసు 43. మిగిలిన కవర్ 4 లక్షలు, ఆ పై 2 లక్షలు. అతను పాత పాలసీ వదిలేసి మిగిలిన రెండేళ్ళకే కొత్తది తీసుకుంటే ధర ఎంత? 43లో రేటు 0.0021, 44లో 0.0023. మొదటి ఏడాదికి 792, రెండో ఏడాదికి 409, మొత్తం 1,201. రెండు ప్రీమియంల ప్రస్తుత విలువ 1.9414. భాగిస్తే ఏటా 619 రూపాయలు. పాత పాలసీలో ఉంటే 1,099 కట్టాలి. తెలివైనవాడెవడూ ఉండడు.

ఏటా 480 తేడా, దాన్ని 1.9414తో గుణిస్తే 932. పెట్టెలోని 9.27 కోట్ల లోటును 99,451 మందికి పంచితే వచ్చేదీ 932 రూపాయలే. వదిలి వెళ్ళినవాడు తనతో తీసుకుపోయేది సరిగ్గా ఆ లోటు మొత్తం. నెగటివ్ రిజర్వ్ అంటే ఇదే. వెళ్ళిపోయేది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే, వాళ్ళకే కొత్త పాలసీ సులువుగా దొరుకుతుంది. దగ్గు పట్టుకున్నవాడు, షుగర్ ముదిరినవాడు పాతదాన్ని వదలడు. కాబట్టి నష్టం 932 దగ్గర ఆగదు, మిగిలినవాళ్ళ మరణ రేటు మనం పెట్టుకున్నదానికంటే ఎక్కువ అవుతుంది.

దీనికి వాడుకలో ఉన్న మందు, ప్రీమియం కట్టే కాలాన్ని కవర్ కాలం కంటే కుదించడం. ఎన్నేళ్ళకు కుదించాలో ఊహతో పెట్టక్కరలేదు, మొదటి ఏడాది రిస్క్‌ను ప్రీమియం దాటుతుందా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది. నాలుగేళ్ళు కడితే భాజకం 3.6637, ప్రీమియం 1,335. వడ్డీతో 1,415. ఇంకా 1,700కు చాలదు. మూడేళ్ళు కడితే భాజకం 2.8287, ప్రీమియం 1,729, వడ్డీతో 1,832. దాటింది. పెట్టె మొదటి ఏడాది చివర 1.32 కోట్ల మిగులులో, రెండో ఏడాది చివర 5.32 కోట్లలో ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడూ లోటులోకి పోదు. ఈ కేసులో మేం చెప్పింది అదే: మూడేళ్ళు 1,729 చొప్పున, లేదా ఒకేసారి 4,890. అప్పుతో ముడిపడ్డ కవర్లను ఎక్కువగా ఒకేసారి ప్రీమియంతో అమ్మడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అయితే ఆ ప్రీమియాన్ని కూడా అప్పులోనే కలిపేస్తే, దాని మీద బ్యాంకు వడ్డీ ఐదేళ్ళు కట్టాల్సి వస్తుందని అడిగేవాళ్ళకు చెప్పాలి. చాలాచోట్ల ఆ మాట ఎవరూ ఎత్తరు.

అప్పు నిజంగా ఆ లెక్కనే తగ్గుతుందా

ఏటా రెండు లక్షలు తగ్గుతుందన్నది అసలును సమానంగా కట్టే అప్పులకే చెల్లుతుంది. ఈ అప్పు ఈఎంఐది, వడ్డీ 12 శాతం. నెలకు 22,244. ఈఎంఐలో మొదటి నెలల్లో ఎక్కువభాగం వడ్డీకే పోతుంది కాబట్టి అసలు నిదానంగా కదులుతుంది. ఏడాది తర్వాత బాకీ 8 లక్షలు కాదు, 8 లక్షల 45 వేలు. రెండేళ్ళకు 6 లక్షల 70 వేలు, మూడేళ్ళకు 4 లక్షల 73 వేలు, నాలుగేళ్ళకు 2 లక్షల 50 వేలు.

కవర్ పాత లెక్కలోనే ఉండి నాలుగో ఏట మొదట్లో మనిషి పోతే బీమా 4 లక్షలు వస్తుంది, బాకీ 4 లక్షల 73 వేలు. 73 వేలు ఇంటిమీద పడుతుంది. అప్పు పోవాలని తీసుకున్న పాలసీ పని పూర్తిచేయలేదన్నమాట. F కాలమ్‌లో అసలు బాకీలు వేస్తే ఒకేసారి ప్రీమియం 5,284 వస్తుంది. అదనం 394 రూపాయలు, ఐదేళ్ళకు. ఈ డబ్బుకు వెనకాడటంలో అర్థం లేదు. బ్యాంకు నుంచి అప్పు తీరుదల షెడ్యూల్ తెప్పించుకోకుండా కవర్ షెడ్యూల్ రాయకూడదు. ప్రతి ఏడాది మొదట్లో బాకీ ఎంతో చూసి ఆ అంకెనే ఆ ఏడాదికంతా పెట్టాలి. వడ్డీ రేటు మారే అప్పు అయితే, రేటు పెరిగినప్పుడు చాలాసార్లు వాయిదా అంతే ఉంచి గడువు పొడిగిస్తారు, అప్పుడు ఐదో ఏడాది తర్వాత కూడా బాకీ మిగులుతుంది, కవర్ మాత్రం ముగిసిపోతుంది. అందుకని చివరి ఏడాది మీద కొంత ఎక్కువే పెట్టడం నయం.

ఏ అంకె తప్పితే ఎక్కువ దెబ్బ

వడ్డీ ఆరా, ఏడా అని గంటలు వాదించేవాళ్ళు ఉంటారు. స్థిర కవర్‌కు 7 శాతం వేస్తే 8,236 కాస్తా 8,006 అవుతుంది. 230 తేడా, మూడు శాతం కూడా లేదు. అదే వయసు ఒక్క ఏడాది తప్పితే? 41గా తీసుకుని, 45వ ఏట రేటు వెయ్యికి 2.6 అనుకుంటే 8,969 వస్తుంది. 733 తేడా, దాదాపు తొమ్మిది శాతం. ఐదేళ్ళ లాంటి చిన్న గడువులో వడ్డీ కంటే పుట్టిన తేదీయే ముఖ్యం. పుట్టిన తేదీ సరిగా తెలియక జనవరి 1 అని రాయించుకున్న కార్డులు మన పల్లెల్లో తక్కువేం కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే లెక్క మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి. వయసు పూర్తయిన ఏళ్ళ ప్రకారమా, దగ్గరి పుట్టినరోజు ప్రకారమా అన్నదీ రేట్ల పట్టికకు తగ్గట్టే ఉండాలి. లేకపోతే అర్ధసంవత్సరం ఊరికే జారిపోతుంది.

ఈ కేసులో ఇంకా పెద్ద ప్రశ్న, ఈ రేట్లు ఈ మనిషివేనా అన్నది. బీమా పట్టికలోని వాళ్ళు వైద్యపరీక్ష దాటి వచ్చిన, అన్ని వృత్తుల మిశ్రమం. బండలు కోసేచోట రాతిపొడి గాలిలో ఉంటుంది. అందులోని సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. క్షయ వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. గ్రానైట్‌లో సిలికా పాలు ఎక్కువ, సున్నపురాతి బండల్లో తక్కువ. నీళ్ళు పోస్తూ కోస్తే పొడి తగ్గుతుంది, పొడిగా అంచులు కొట్టే చోట ఎక్కువ. కాబట్టి "పాలిష్ యూనిట్" అన్న మాట ఒక్కటే చాలదు. ఏ రాయి, నీళ్ళ మిషనా కాదా, యజమాని తానే మిషన్ దగ్గర నిలబడతాడా, ఎన్నేళ్ళుగా అన్నవి అడిగి రాసుకోవాలి.

రిస్క్ ఎక్కువని తేలితే రేట్లు పెంచాలి. ఉదాహరణకు అన్నిటినీ సగం పెంచామనుకుందాం: వెయ్యికి 2.55, 2.7, 3.0, 3.15, 3.45. చాలామంది 8,236ను నేరుగా ఒకటిన్నరతో గుణించి 12,354 అంటారు. పట్టిక మళ్ళీ వేస్తే 12,332 వస్తుంది. మరణాలు పెరిగితే తర్వాతి ఏళ్ళకు మిగిలేవాళ్ళు తగ్గుతారు, అందుకే కొంచెం తక్కువ. ఈ గడువులో 22 రూపాయలే కాబట్టి అడ్డదారి నడుస్తుంది, పెద్ద వయసులో నడవదు. అసలు ఇబ్బంది వేరే ఉంది. సిలికోసిస్ సాధారణంగా ఏళ్ళ తరబడి పొడి పీల్చాక బయటపడుతుంది. ఇరవై ఏళ్ళుగా మిషన్ దగ్గరున్న 40 ఏళ్ళవాడికీ, నిరుడు పని మొదలుపెట్టిన 40 ఏళ్ళవాడికీ ఒకే శాతం పెంచితే మొదటివాడికి తక్కువ, రెండోవాడికి ఎక్కువ వసూలు చేసినట్టే. మన యజమాని ఎక్కువగా ఆఫీసు గదిలో, బండల బేరాల దగ్గర ఉండేవాడు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉంది. రేట్లు పెంచకుండా వదిలేశాం.

యూనిట్ల వాళ్ళే నిధి పెట్టుకుంటే?

ఈ లెక్క చూశాక సహజంగా వచ్చే ఆలోచన ఒకటుంది. మనిషికి 8,236 చాలంటే, 200 మంది పనివాళ్ళ పేర యజమానులే డబ్బు వేసి నిధి నడపొచ్చు కదా, కంపెనీకి ఖర్చులు ఎందుకివ్వాలి? 200 మందికి 16 లక్షల 47 వేలు జమవుతుంది. ఐదేళ్ళలో ఊహించే మరణాలు 1.97, అంటే దాదాపు రెండు. సగటు మీద సరిపోతుంది.

కానీ మరణాలు సగటు చూసి రావు. 200 మందిలో ఐదేళ్ళూ ఒక్కరూ పోకుండా ఉండే అవకాశం 14 శాతం. నలుగురు, లేదా అంతకంటే ఎక్కువమంది పోయే అవకాశం కూడా దాదాపు అంతే. నలుగురు పోతే 40 లక్షలు కట్టాలి, నిధిలో ఉన్నది వడ్డీతో కలిపినా 22 లక్షలు. పైగా ఈ 200 మందీ ఒకే పొడి పీలుస్తున్నారు, ఒకే రోడ్డు మీద ఒకే ఆటోలో పనికి వస్తున్నారు. ఒకరి మరణానికీ ఇంకొకరి మరణానికీ సంబంధం లేదన్న ఊహ మీదే 14 శాతం వచ్చింది, ఇక్కడ ఆ ఊహ నిలవదు కాబట్టి అసలు అవకాశం అంతకంటే ఎక్కువే. లక్షమంది పట్టికలో మరణాలు సగటుకు ఆరేడు శాతం అటూఇటూ ఊగితే ఎక్కువ, 200 మందిలో అవి రెట్టింపవడం మామూలు. అదీగాక డబ్బు వసూలు చేసి మరణానికి ఇంత ఇస్తామని హామీ ఇవ్వడం బీమా వ్యాపారం కిందికి వస్తుంది. 1938 బీమా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా అది చేయకూడదు. 200 మందికి ఏడాదికోసారి రెన్యూ చేసుకునే గ్రూప్ టర్మ్ పాలసీ అడగడం సరైన దారి. అందులో ప్రతి ఏడాది ఉన్నవాళ్ళ వయసులను బట్టి ఆ ఒక్క ఏడాది రేటుతోనే ధర కడతారు, కాబట్టి పైన చూసిన నెగటివ్ రిజర్వ్ చిక్కు అక్కడ రాదు. కోట్ వచ్చాక ప్యూర్ ప్రీమియంతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఎంత రిస్క్‌కు పోతోందో, ఎంత ఖర్చులకు పోతోందో తెలుస్తుంది. బేరం ఆడాల్సింది రెండోదాని మీదే.